త్రెచెంతో అంటే 14వ శతాబ్దం: ఇటాలియన్ శతాబ్దాలు, క్రమ సంఖ్యలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇటాలియన్ నుంచి కళాచరిత్ర, సాహిత్యం, పర్యాటక సమాచారం తెలుగులోకి తెచ్చేవాళ్లకు అంకెల దగ్గర అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్ననైనా విడిగా చదువుకోవచ్చు. ఇటాలియన్ మాటలు తెలుగు లిపిలోనే ఉంటాయి. అచ్చులో కనిపించే గుర్తుల్ని మాత్రం ఉన్నవి ఉన్నట్టుగా ఇచ్చాం.

## పేరు అర్థం చేసుకునేటప్పుడు

త్రెచెంతో అంటే మూడు వందలు కదా, 14వ శతాబ్దం ఎలా అయింది?

మూడు వందలే. కానీ ముందున్న వెయ్యిని మింగేశారు. పూర్తి మాట మిల్లెత్రెచెంతో, అంటే 1300. తెలుగులో 1947ని మాటల్లో 'నలభై ఏడు' అనేసినట్టే ఇది కూడా. 1300తో మొదలయ్యే వందేళ్ల కాలానికి త్రెచెంతో అని పేరు పడింది. మనం శతాబ్దాల్ని క్రమ సంఖ్యతో లెక్కిస్తాం కాబట్టి 1 నుంచి 100 దాకా మొదటిది, 101 నుంచి రెండోది అవుతుంది. ఆ లెక్కన ఈ వందేళ్ల కాలం 14వ శతాబ్దం. ఇటాలియన్ పేరులో వినిపించే వందల అంకెకు ఒకటి కలిపి, ముందు పది చేర్చితే మన అంకె వస్తుంది. మూడుకు ఒకటి కలిపితే నాలుగు, అది పద్నాలుగు.

ఇలాంటి పేర్లు మొత్తం ఎన్ని?

వాడుకలో ఎనిమిది. దుఎచెంతో 13వ శతాబ్దం, త్రెచెంతో 14, క్వాత్త్రోచెంతో 15, చింక్వెచెంతో 16, సెయ్‌చెంతో 17, సెత్తెచెంతో 18, ఒత్తోచెంతో 19, నోవెచెంతో 20.

ఈ వరుస రెండు చివర్లా తెగిపోతుంది. 12వ శతాబ్దానికి ఇలా వెయ్యిని మింగేసిన పేరు లేదు, దాన్ని మామూలుగా దొదిచేజిమో సేకొలో అని క్రమ సంఖ్యతో అంటారు. ఇప్పటి శతాబ్దం వెంతునేజిమో సేకొలో, అంటే 21వది. 'ఇల్ మిల్లె' అన్న మాట కనిపిస్తే అది చాలాచోట్ల 1000వ సంవత్సరం చుట్టుపక్కల కాలం. దాన్ని '10వ శతాబ్దం' అని రాసేస్తే వాక్యం వందేళ్లు జారిపోవచ్చు. '1000వ సంవత్సరం ప్రాంతంలో' అంటే సరిపోతుంది.

1300వ సంవత్సరం త్రెచెంతోలోకి వస్తుందా, రాదా?

పేరును బట్టి వస్తుంది, కచ్చితమైన శతాబ్ద లెక్కను బట్టి రాదు. 14వ శతాబ్దం 1301లో మొదలై 1400తో ముగుస్తుంది. 'మూడు వందల' అన్న పేరు మాత్రం 1300 నుంచి 1399 దాకా ఉన్న అంకెలకే అతుకుతుంది. మిగతా తొంభై తొమ్మిదేళ్లలో రెండు లెక్కలూ ఒకటే కాబట్టి త్రెచెంతోను 14వ శతాబ్దం అని నిశ్చింతగా రాయొచ్చు.

చిక్కు అంచుల దగ్గరే. ఎనిమిదో బోనిఫేస్ పోప్ తొలి జూబిలీ ప్రకటించింది 1300లో. దాంతే తన కావ్యంలోని పరలోక యాత్ర జరిగినట్టు చెప్పుకున్నది కూడా ఆ ఏటి వసంతంలోనే. ఇటాలియన్ వ్యాసకర్త దీన్ని 'త్రెచెంతో గడప' అని రాస్తే, తెలుగులో '14వ శతాబ్దపు తొలి ఏడు' అనకండి, లెక్క తెలిసిన పాఠకుడు పట్టేసుకుంటాడు. '1300లో' అని సంవత్సరమే రాయండి. శతాబ్దం పేరు పెట్టకపోతే పోయేదేమీ లేదు.

## పేజీ చదివేటప్పుడు

త్రెచెంతో అన్నప్పుడు అది శతాబ్దమా, ఉత్త మూడు వందలా? ఎలా తెలుస్తుంది?

మొదట పెద్ద అక్షరం చూడండి. శతాబ్దమైతే మొదటి అక్షరం పెద్దది, అంకె అయితే చిన్నది. కానీ వాక్యం మొదట్లోనూ, మొత్తం పెద్ద అక్షరాల్లో ఉన్న శీర్షికల్లోనూ ఈ తేడా మాయమవుతుంది. అప్పుడు వెనకా ముందూ చూడాలి. ముందు ఏకవచన ఉపపదం (ఇల్, దెల్, నెల్) ఉండి, తర్వాత లెక్కపెట్టదగ్గ వస్తువేదీ లేకపోతే అది శతాబ్దం. వెనకే బహువచన నామం వస్తే అది అంకె. 'త్రెచెంతో ఫియోరీని' అంటే మూడు వందల ఫ్లోరిన్లు, 'ల ఆర్తె దెల్ త్రెచెంతో' అంటే 14వ శతాబ్దపు కళ.

లింగం మారితే అర్థమూ మారిపోతుంది. 'ఇల్ చింక్వెచెంతో' 16వ శతాబ్దం, 'లా చింక్వెచెంతో' ఫియట్ 500 కారు.

`'300` అని అంకెల్లో ఉంది. ముందున్న ఆ కొమ్ము దేనికి?

అది లోపించిన వెయ్యికి గుర్తు. `nel '300` అంటే 14వ శతాబ్దంలో అని. `nel 300` అంటే క్రీ.శ. 300లో అని. ఒక్క చుక్కంత గుర్తుకు వెయ్యేళ్ల తేడా.

స్కాన్ చేసిన పాత పుస్తకాల్లోనూ, కాపీ చేసి అతికించిన పాఠాల్లోనూ మొదట రాలిపోయేది ఈ కొమ్మే. మూడంకెల సంవత్సరం కనిపించగానే చేయి ఆపి, పక్కనున్న పేర్లు చూడండి. జొత్తో, సియెనా నగర పాలకమండలి, ఫ్లోరెన్స్ బ్యాంకర్లు ఉన్న పేరాలో క్రీ.శ. 300 ఉండే అవకాశం లేదు. డయోక్లీషియన్ చక్రవర్తి ఉంటే అది నిజంగానే 300. నిజమైన ప్రాచీన సంవత్సరమైతే చాలామంది రచయితలు పక్కన `d.C.` అని కూడా పెడతారు, అంటే క్రీ.శ.

తిరకాసు ఇంకొకటి ఉంది. మాటల్లో ఇటాలియన్లు `nel 1800` అని నాలుగంకెలు వాడి, 19వ శతాబ్దం మొత్తాన్నీ ఉద్దేశిస్తారు. '1800లో రైల్వేలు వచ్చాయి' అనే వాక్యం దొరికితే అది సంవత్సరం కాదు. ఇటలీలో తొలి రైలు మార్గం, నేపుల్స్ నుంచి పోర్తిచీకి, 1839లో మొదలైంది.

'త్రా క్వాత్త్రో ఎ చింక్వెచెంతో' అంటే 'నాలుగుకూ అయిదు వందలకూ మధ్య' అనా?

కాదు. రెండు శతాబ్దాల పేర్లు పక్కపక్కన వచ్చినప్పుడు మొదటిదాని తోక కత్తిరిస్తారు. ఇక్కడ క్వాత్త్రో అంటే క్వాత్త్రోచెంతో. మొత్తం అర్థం '15, 16 శతాబ్దాల సంధికాలంలో', అంటే సుమారు 1500 అటూ ఇటూ. 'సెయ్-సెత్తెచెంతో' అని గీతతో వస్తే '17, 18 శతాబ్దాల' అని. 'ఆరేడు వందలు' అనే అర్థం తెలుగు చెవికి ఎంత సహజంగా తోస్తుందో, ఇక్కడ అంత తప్పు.

'సెకొందో ఒత్తోచెంతో' అంటే రెండో 19వ శతాబ్దమా?

ఇటాలియన్ క్రమ సంఖ్యల్లో ఎక్కువమందిని బోల్తా కొట్టించేది ఇదే. శతాబ్దం పేరు ముందు వచ్చే ప్రిమో, సెకొందో వరుస చెప్పడం లేదు, ఆ శతాబ్దంలోని భాగాన్ని చెబుతున్నాయి. సెకొందో ఒత్తోచెంతో అంటే 19వ శతాబ్దపు ద్వితీయార్ధం. ప్రిమో నోవెచెంతో అంటే 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలు. రెండోదాన్ని కొలబద్ద పెట్టి 'ప్రథమార్ధం' అనక్కర్లేదు. సందర్భాన్ని బట్టి 'తొలినాళ్లు' మేలు.

మెతా అనే మాట కూడా ఇలాగే రెండు వైపులా పదునైనది. 'ప్రిమా మెతా దెల్ త్రెచెంతో' అంటే 14వ శతాబ్దపు మొదటి సగం. 'అ మెతా త్రెచెంతో' అంటే శతాబ్దం నడిమధ్య, 1350 ప్రాంతం. 1348 నాటి మహా ప్లేగును రెండో మాటతోనే చెప్పడం రివాజు. దాన్ని 'సగం శతాబ్దంలో' అని తెలుగు చేసినవాళ్లు ఉన్నారు. ఆ వాక్యానికి అర్థమే ఉండదు.

'ఆన్నీ త్రెంతా' అంటే ముప్పై ఏళ్లా, ముప్పైలా?

మాటల వరుస చూడండి. అంకె ముందొస్తే పొడవు: త్రెంతా ఆన్నీ, ముప్పై ఏళ్లు. ఆన్నీ ముందొస్తే దశాబ్దం: ఆన్నీ త్రెంతా, ముప్పైలు. శతాబ్దం పేరు తగిలించకపోతే 1930లు అనుకోవడం అలవాటు. 'దెల్ త్రెచెంతో' అని తగిలిస్తే 1330లు.

ఒక పదబంధాన్ని విప్పి చూద్దాం. సియెనా పురపాలక భవనంలో అంబ్రోజో లొరెంజెత్తీ వేసిన సుపరిపాలన కుడ్యచిత్రాల గురించి 'నెల్లా సెకొందా మెతా దెల్యీ ఆన్నీ త్రెంతా దెల్ త్రెచెంతో' అని రాశారనుకోండి. రెండు, ముప్పై, మూడు వందలు, మూడూ ఒకే చోట. మొదటి నుంచి అనువదిస్తూ పోతే 'మూడు వందల ముప్పై ఏళ్ల రెండో సగంలో' అనే అయోమయం తేలుతుంది. చివరి నుంచి రండి. త్రెచెంతో, కాబట్టి 13తో మొదలయ్యే సంవత్సరం. ఆన్నీ త్రెంతా, కాబట్టి 1330 నుంచి 1339. సెకొందా మెతా, కాబట్టి 1335 నుంచి 1339. ఆ చిత్రాలు వేసింది 1338–39లో, లెక్క కుదిరింది. తెలుగులో '1330ల ద్వితీయార్ధంలో' అంటే చాలు, శతాబ్దం మాటే అక్కర్లేదు.

## క్రమ సంఖ్యలు, రోమన్ అంకెలు

`sec. XIV`, `XIV secolo` రెండూ ఒకటేనా?

ఒకటే. రోమన్ అంకె ముందున్నా వెనకున్నా క్వాత్తోర్దిచేజిమో అనే చదువుతారు. `secc.` అని రెండు `c`లు ఉంటే బహువచనం: `secc. XIV-XV` అంటే 14, 15 శతాబ్దాలు. రోమన్ అంకె ఇక్కడ తనే క్రమ సంఖ్య కాబట్టి దానికి ఒకటి కలపకూడదు. త్రెచెంతోకు ఒకటి కలిపే అలవాటుతో `XIV`ని 15వ శతాబ్దం చేసేసిన సందర్భాలు కొత్తవాళ్లలో తరచూ కనిపిస్తాయి. 'చెంతో' పేరు ఉంటే కలపాలి, రోమన్ అంకె ఉంటే ఉన్నదున్నట్టే.

పక్కన `a.C.` ఉంటే క్రీ.పూ. అని అర్థం, కాలం వెనక్కి నడుస్తుంది. `III sec. a.C.` అంటే క్రీ.పూ. 300 నుంచి 201 దాకా, దాని మొదటి సగం 300 నుంచి 251. త్రెచెంతో వంటి పేర్లను క్రీస్తుపూర్వానికి వాడరు.

క్రమ సంఖ్యలు ఎలా తయారవుతాయి? నిఘంటువులో దొరకనివి వస్తున్నాయి.

మొదటి పదీ బట్టీ పట్టాల్సిందే: ప్రిమో, సెకొందో, తెర్త్సో, క్వార్తో, క్వింతో, సెస్తో, సెత్తిమో, ఒత్తావో, నోనో, దేచిమో. పదకొండు నుంచి అంకె చివరి అచ్చు తీసి '-ఏజిమో' చేర్చాలి. మూడు, ఆరుతో ముగిసేవి తమ అచ్చును వదులుకోవు, అందుకే 23వది వెంతిత్రెఏజిమో, 26వది వెంతిసెయేజిమో.

పాత పుస్తకాల్లో 14కు దేచిమోక్వార్తో అని కూడా ఉంటుంది, 'పదవ-నాలుగవ' అని విడగొట్టకండి. లింగమూ మారుతుంది: 14వ శతాబ్దం క్వాత్తోర్దిచేజిమో, 14వ ముద్రణ క్వాత్తోర్దిచేజిమా. విడిగా 'లా త్రెదిచేజిమా' అని కనిపిస్తే అది పదమూడోది ఏదో కాదు, డిసెంబర్‌లో ఉద్యోగులకు ఇచ్చే పదమూడో నెల జీతం.

రాజులు, పోపుల పేర్ల పక్కన అంకెల్ని తెలుగులో ఎక్కడ పెట్టాలి?

ఇటాలియన్‌లో పేరు తర్వాత, ఉపపదం లేకుండా: లుయీజీ క్వాత్తోర్దిచేజిమో, బోనిఫాచో ఒత్తావో. తెలుగులో ముందుకు తేవాలి. మనం రెండో పులకేశి అంటాం కానీ పులకేశి రెండు అనం కదా, అలాగే 14వ లూయీ, ఎనిమిదో బోనిఫేస్. రాణి అయితే ఇటాలియన్‌లో స్త్రీలింగం వస్తుంది, ఎలిజబెత్తా సెకొందా. తెలుగులో రెండో ఎలిజబెత్ అంటే చాలు.

ఫర్నిచర్ జాబితాల్లో `Luigi XIV` అని ఉంటే అది శైలి పేరు. అందులోని 14కూ 14వ శతాబ్దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ రాజు పాలించింది 1643 నుంచి 1715 దాకా.

అంకె ఒకటే అయినంత మాత్రాన మనిషి ఒకరే అనుకోవద్దు. ఫ్లోరెన్స్ బాప్తిస్తెరీలో దొనాతెల్లో, మికెలొత్సో కట్టిన సమాధి జొవాన్ని XXIIIది. ఆయన 1410లో ఎన్నికైన ప్రతి-పోప్ బల్దస్సారె కోస్సా. అదే పేరు, అదే అంకెతో అసలు పోప్ 1958లో వచ్చారు. 'క్వాత్త్రోచెంతో' అన్న మాట పక్కనుంటే మొదటాయన.

వీధి పేర్లలో `via XX Settembre` అని ఉంది. ఇరవయ్యో సెప్టెంబరు వీధా?

సెప్టెంబర్ 20 వీధి. తేదీల్లో ఒకటో తారీఖును మాత్రమే ఇటాలియన్‌లో క్రమ సంఖ్యతో చెబుతారు, అది ప్రిమో. మిగతావన్నీ మామూలు అంకెలే, రోమన్‌లో రాసినా సరే. అందుకే ఈ వీధి పేరును వెంతీ సెత్తెంబ్రె అని చదవాలి, వెంతేజిమో అని కాదు. ఇటలీ సైన్యం రోమ్‌లో ప్రవేశించిన 1870 సెప్టెంబర్ 20 జ్ఞాపకంగా చాలా ఊళ్లలో ఈ పేరు కనిపిస్తుంది. తెలుగులో వీధి పేరును 'వయా వెంతీ సెత్తెంబ్రె' అని ఉంచి, అవసరమైతే అర్థం చెప్పండి.

## తెలుగులో రాసేటప్పుడు

త్రెచెంతో అని ఉంచాలా, 14వ శతాబ్దం అనాలా, 1300లు అనాలా?

మామూలు వాక్యంలో 14వ శతాబ్దం. కళాచరిత్రలో ఆ పేరు ఒక యుగాన్నీ ధోరణినీ సూచిస్తున్నప్పుడు, లేదా సంస్థ పేరులో ఉన్నప్పుడు త్రెచెంతో అని ఉంచి, మొదటిసారి వచ్చిన చోట అర్థం ఇవ్వండి. మిలాన్‌లోని ముసేయో దెల్ నోవెచెంతో పేరును '900ల మ్యూజియం' చేస్తే నవ్వులపాలే. అది 20వ శతాబ్దపు కళ మ్యూజియం. 1976లో వచ్చిన 'నోవెచెంతో' అనే సినిమా ఇంగ్లిష్‌లో '1900' పేరుతో విడుదలైంది. ఆ పేరు చూసి దాన్ని 1900వ సంవత్సరపు కథ అనుకోవద్దు, కథ శతాబ్దంలో చాలా దూరం నడుస్తుంది.

'1300లు' అనే రూపాన్ని మేం వాడం. తెలుగులో '1300లలో' అంటే కొందరికి వందేళ్లు, కొందరికి 1300 నుంచి 1309 దాకా పదేళ్లు. దశాబ్దాలకు మాత్రం '1330లు' బాగుంటుంది, అక్కడ గందరగోళం లేదు. ఇక 'వ' మర్చిపోకండి. 14 శతాబ్దాలు అంటే పద్నాలుగు వందల ఏళ్లు.

విశేషణ రూపం త్రెచెంతెస్కో వస్తే '14వ శతాబ్దపు'. త్రెచెంతీస్తా మాత్రం మనిషి: ఆ కాలపు రచయితో చిత్రకారుడో, లేదా ఆ కాలాన్ని అధ్యయనం చేసే పండితుడో. సందర్భం చూడకుండా '14వ శతాబ్దపు రచయిత' అని రాస్తే ఇవాళ్టి ప్రొఫెసర్‌ని ఏడొందల ఏళ్లు వెనక్కి నెట్టినట్టే.

మార్కో పోలో, కాకతీయుల ప్రస్తావన ఒకే పేరాలో వస్తే కాలాలు ఎలా సరిచూడాలి?

ఇటాలియన్ వ్యాసంలో అది 'ఫీనె దుఎచెంతో', 13వ శతాబ్దం చివర. పోలో తన యాత్రా వృత్తాంతం చెప్పి రాయించింది 1298లో, అందులో మోటుపల్లి రేవు ప్రస్తావన ఉంది. దాన్ని పొరపాటున '12వ శతాబ్దం' చేస్తే రుద్రమదేవి కాలం తప్పిపోయి, తెలుగు పాఠకుడికి వెంటనే తేడా కనిపిస్తుంది. ఓరుగల్లు పతనం 1323, విజయనగర స్థాపన 1336, రెండూ త్రెచెంతోలోవే. ఇలా మనకు కంఠతా వచ్చిన ఒకటి రెండు సంవత్సరాల్ని ఒక్కో శతాబ్దం పేరుకు ముడివేసుకుంటే చేతి లెక్కకంటే త్వరగా తప్పు దొరుకుతుంది.

## అచ్చుకు ముందు సరిచూసేటప్పుడు

మూలంలో తేదీ 1474 అని ఉంది, మిగతా పుస్తకాల్లో 1475. ఎవరిది తప్పు?

బహుశా ఎవరిదీ కాదు. ఫ్లోరెన్స్‌లో కొత్త సంవత్సరం జనవరి 1న కాక మార్చి 25న మొదలయ్యేది. ఈ పద్ధతి 1749 దాకా సాగింది. కాబట్టి జనవరి 1 నుంచి మార్చి 24 దాకా ఉన్న ఫ్లోరెన్స్ తేదీలకు ఇప్పటి లెక్కలో ఒక సంవత్సరం కలపాలి. మికెలాంజెలో పుట్టిన మార్చి 6ను ఆయన తండ్రి 1474 అని రాసుకుని, ఇది ఫ్లోరెన్స్ లెక్క, రోమ్ లెక్కలో 1475 అని పక్కనే వివరించాడు. అలాంటి తండ్రులు అందరికీ దొరకరు.

శతాబ్దం అంచున ఈ ఒక్క ఏడాది పెద్దదవుతుంది. ఫ్లోరెన్స్ పత్రంలో 1400 ఫిబ్రవరి అని ఉంటే అది మన 1401 ఫిబ్రవరి, అంటే 15వ శతాబ్దం. వెనిస్‌లో ఏడాది మార్చి 1న మొదలయ్యేది, కాబట్టి అక్కడ జనవరి, ఫిబ్రవరి నెలలకే కలపాలి. పీసాది ఇంకో దారి. వాళ్ల ఏడాది మార్చి 25నే మొదలైనా ఫ్లోరెన్స్ కంటే ఒక అంకె ముందుండేది, అందువల్ల మార్చి 25 నుంచి డిసెంబర్ దాకా ఒకటి తీసేయాలి. మూల రచయిత ఇప్పటికే సంవత్సరాన్ని మన లెక్కకు సవరించి రాశాడేమో ముందు చూసుకోండి. లేకపోతే రెండుసార్లు కలిపేస్తారు.

అనువాదం అయిపోయింది. అంకెల తప్పులు పట్టడానికి ఏ వరుసలో చూడాలి?

మూలంలో శతాబ్దం, దశాబ్దం, క్రమ సంఖ్య కనిపించిన ప్రతిచోటా మార్జిన్‌లో నాలుగంకెల సంవత్సరాల హద్దు రాయండి: 'ప్రిమో క్వార్తో దెల్ క్వాత్త్రోచెంతో' పక్కన 1401–1425 అని. ఆ తర్వాత ఇటాలియన్ మూసేసి, తెలుగు ప్రతి ఒక్కటే చదువుతూ మళ్లీ హద్దులు రాయండి. రెండు వరుసలూ పక్కపక్కన పెడితే తేడాలు వాటంతటవే బయటపడతాయి. సరిగ్గా వంద తేడా వస్తే ఒకటి కలపడం మరిచారు, లేదా రోమన్ అంకెకు కలిపేశారు. వెయ్యి తేడా వస్తే కొమ్ము రాలిపోయింది. ఒక్క ఏడాదే తేడా అయితే ఆ పత్రం ఏ ఊరిదో చూడండి.